హస్తా? చిత్తా?



ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే సంబంధాలు ఒకటొకటిగా రావు, వస్తే రెండు మూడు ఒకేసారి వస్తాయి. అప్పుడు అందరం జాతకాల వైపు చూస్తాం, అవే తేల్చేస్తాయని. కానీ చాలా ఇళ్లలో అసలు తగువు అక్కడే మొదలవుతుంది. అమ్మ వైపు వాళ్లు చూపించిన సిద్ధాంతి గారు ఒక సంబంధం బాగుందంటారు, నాన్న వైపు వాళ్లు చూపించిన ఆయన అదే సంబంధం వద్దంటారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ పంచాంగం చూసే చెప్పారు. మరి మాట ఎందుకు తేడా వచ్చింది?

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పాను. జాతకచక్రం వేయడం మా తాతగారి దగ్గర నేర్చుకున్నాను. అది నా వృత్తి కాదు. బంధువుల్లో ఎవరికైనా సందేహం వస్తే కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు. అలా వచ్చిన ఒక తగువు గురించి ఈ రోజు మీకు చెబుతాను.

తెనాలిలో నాకు వరసకు అన్నయ్య ఉన్నాడు. ఆయన కూతురు గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ అమ్మాయికి మూడు సంబంధాలు వచ్చాయి. మొదటి అబ్బాయిది హైదరాబాదులో ఉద్యోగం, రోహిణీ నక్షత్రం, వృషభ రాశి. ఇది అమ్మాయి మేనమామ తెచ్చిన సంబంధం. రెండో అబ్బాయి విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి, జ్యేష్ఠా నక్షత్రం, వృశ్చిక రాశి. ఇది మేనత్త తెచ్చింది. మూడో అబ్బాయి రాజమండ్రిలో సొంతంగా వ్యాపారం చేసుకుంటున్నాడు. అతను పుట్టిన టైము ఎవరూ రాసి పెట్టలేదు.

నేను వెళ్లేసరికి హాల్లో బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మేనమామ గారి కాగితంలో రోహిణి అబ్బాయికి 36కి 24 గుణాలు, జ్యేష్ఠ అబ్బాయికి 13. మేనత్త గారి కాగితంలో జ్యేష్ఠ అబ్బాయికి 26, రోహిణి అబ్బాయికి 20. "నీ సిద్ధాంతికి లెక్క రాదు" అని ఒకరు, "మీ సిద్ధాంతి డబ్బు తీసుకుని చెప్పాడు" అని ఒకరు. మా వదిన మాట్లాడకుండా కూర్చుంది.

నేను అబ్బాయిల సంగతి పక్కన పెట్టి ముందు అమ్మాయి నక్షత్రం చూశాను. మేనమామ గారి కాగితం మీద హస్త నాలుగో పాదం అని ఉంది. మేనత్త గారి కాగితం మీద చిత్త ఒకటో పాదం అని ఉంది. పుట్టిన తేదీ అదే, రాత్రి 8 గంటల 40 నిమిషాలన్న టైము కూడా అదే. కాగితాల కింద ఉన్న అంకెల గురించి గంటసేపు వాదించుకున్నారు గానీ, పైన రాసిన నక్షత్రాలు వేరని ఎవరూ చూడలేదు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం నిదానంగా చెబుతాను. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కాబట్టి రోజులో ఏదో ఒక సమయంలో ఒక నక్షత్రం వెళ్లి ఇంకొకటి వస్తుంది. ఆ సమయం అన్ని పంచాంగాల్లో ఒకటి కాదు. మనకు రెండు రకాల పంచాంగాలు ఉన్నాయి. సూర్యసిద్ధాంతం లెక్కల మీద నడిచేవాటిని పూర్వపద్ధతి అంటాం. ఆకాశంలో గ్రహం నిజంగా కనిపించే చోటుకు సరిపోయేలా లెక్క కట్టేవి దృగ్గణిత పంచాంగాలు. చంద్రుడి నడకను ఈ రెండూ ఒకేలా లెక్కించవు, అందుకే తిథి, నక్షత్రం ముగిసే సమయాల్లో గంటల తేడా వస్తుంది. ఈ అమ్మాయి పుట్టిన రోజున దృగ్గణితం ప్రకారం హస్త రాత్రి ఎనిమిదికి పది నిమిషాల ముందే వెళ్లిపోయింది. పూర్వపద్ధతిలో పది దాటేదాకా ఉంది. పిల్ల ఆ రెండింటికీ మధ్యలో పుట్టింది.

మధ్యాహ్నం పుట్టి ఉంటే రెండు పంచాంగాల్లోనూ హస్తే వచ్చేది, ఈ తగువే లేదు. చాలామందికి అలాగే వస్తుంది. సరిహద్దు దగ్గర పుట్టినవాళ్లకే ఈ చిక్కు. అందుకని జాతకం చేతికి రాగానే చూడవలసింది పాదం. ఒకటో పాదం, నాలుగో పాదం కనిపిస్తే ఆగి, ఆ రోజు నక్షత్రం ఎప్పుడు మారిందో అడగండి.

ఫోన్లలో వేసుకునే జాతకాలకూ ఇదే చిక్కు ఉంది. అవి దృగ్గణితమే వాడినా, రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందన్న దాంట్లో తేడాలున్నాయి. దాన్నే అయనాంశ అంటారు. 1957లో మొదలైన ప్రభుత్వ రాష్ట్రీయ పంచాంగం తీసుకున్న అయనాంశ లాహిరి పేరుతో వాడుకలో ఉంది. బి.వి. రామన్ గారి అయనాంశ దానికన్నా సుమారు ఒకటిన్నర డిగ్రీ తక్కువ. ఆ ఒకటిన్నర డిగ్రీ నడవడానికి చంద్రుడికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది. యాప్‌లో ఆ ఒక్క సెట్టింగు మారితే, సరిహద్దులో పుట్టిన పిల్ల నక్షత్రం మారిపోతుంది.

ఇప్పుడు అంకెల సంగతి. పొంతనలు ఎనిమిది: వర్ణం, వశ్యం, తార, యోని, గ్రహమైత్రి, గణం, రాశి, నాడి. వీటికి వరుసగా ఒకటి నుంచి ఎనిమిది దాకా గుణాలు. అన్నీ కలిపితే 36. మొత్తం 18 దాటితే సంబంధం చూడవచ్చంటారు. ఈ వరుసలో చివరి మూడింటిని గమనించండి. గణానికి 6, రాశికి 7, నాడికి 8, కలిపితే 21. సగం కన్నా ఎక్కువ బరువు ఈ మూడింటి మీదే ఉంది. పైగా వీటిలో మార్కులు కొంచెం కొంచెంగా తగ్గవు. నాడి కుదిరితే 8, కుదరకపోతే సున్నా. రాశి కూడా అంతే, 7 లేదా సున్నా. గణంలో మాత్రం ఒకటి అటూ ఇటూ ఇచ్చే పట్టికలున్నాయి.

హస్త దేవగణం, ఆది నాడి. చిత్త రాక్షసగణం, మధ్య నాడి. హస్త మొత్తం, చిత్త మొదటి రెండు పాదాలు కన్యలోనే ఉంటాయి కాబట్టి రాశి మారలేదు. జ్యేష్ఠ అబ్బాయిది రాక్షసగణం, ఆది నాడి. అమ్మాయిని హస్త అనుకుంటే ఇద్దరిదీ ఆది నాడి, అంటే ఏకనాడి దోషం, 8 పోయాయి. దేవగణం పిల్ల, రాక్షసగణం పిల్లవాడు, కాబట్టి గణంలోనూ దాదాపు ఏమీ రాదు. అదే అమ్మాయిని చిత్త అనుకోండి. నాడులు వేరయ్యాయి, 8 వచ్చాయి. గణం ఒకటే అయింది, 6 వచ్చాయి. 13 ఎక్కడ, 26 ఎక్కడ! ఆ తేడా అంతా ఇక్కడే పుట్టింది. రోహిణి అబ్బాయి మనుష్యగణం, అంత్య నాడి. అతనికి నాడి రెండు విధాలా కుదురుతుంది. చిత్త అనుకుంటే మాత్రం గణం పోతుంది, అందుకే 24 కాస్తా 20 అయింది.

ఇదంతా కాగితం మీద గీసి చూపిస్తుంటే మేనత్త గారు, "అయితే మన పిల్లది రాక్షసగణమా!" అన్నారు. తన సంబంధానికి మార్కులు పెంచింది ఆ గణమేనన్నది ఆవిడకు అప్పటిదాకా తట్టలేదు. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర కాఫీ గ్లాసులు పట్టుకుని అమ్మాయి నిలబడి ఉంది. విని, గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున మూడు గణాలుగా పంచారు. లెక్క ప్రకారం మనలో ప్రతి ముగ్గురిలో ఒకరిది రాక్షసగణం. మా తాతగారిది కూడా అదే, నాకు తెలిసినవాళ్లలో ఆయనంత మెత్తనివాడు లేడు. పొంతన పట్టికలో గడికి పెట్టిన పేరును తెచ్చి పిల్ల స్వభావానికి అంటగట్టకండి. పెద్దవాళ్లు అనేసి మరిచిపోతారు, విన్న పిల్లలు మరిచిపోరు.

మేనమామ గారి బెంగ వేరే. ఏకనాడి అయితే పుట్టే పిల్లలకు మంచిది కాదని ఎవరో చెప్పారట. నాడి అంటే బ్లడ్ గ్రూపేనని కూడా చెప్పారట. నేను ఆయనకు చెప్పింది ఇదే. నాడి అనేది చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దాన్ని బట్టి వచ్చేది. ఒకే రోజు పుట్టిన వందమందికి ఒకే నాడి ఉండవచ్చు, వాళ్ల రక్తాలు మాత్రం రకరకాలుగా ఉంటాయి. పిల్లల ఆరోగ్యం గురించి భయం ఉంటే దానికి రక్తపరీక్షలున్నాయి. తలసేమియా, సికిల్ సెల్ లక్షణం మోస్తున్నారా లేదా అన్నది పెళ్లికి ముందే పరీక్షలో తెలుస్తుంది. ఆర్‌హెచ్ తేడా ఉంటే గర్భిణికి డాక్టర్లు ఇంజెక్షన్ ఇస్తారు. అలాగే మన దగ్గర మేనరికాలు చేసుకునేటప్పుడు నాడి కుదిరిందని నిశ్చింతగా ఉంటారు, దగ్గరి రక్తసంబంధం వల్ల వచ్చే ఇబ్బందిని నాడి ఆపదు. ఈ భయాన్ని జాతకంలో వెతకవద్దు, ల్యాబుకు వెళ్లండి అన్నాను. ఆయన విన్నారు. పట్టికలు నమ్మేవాళ్లకు పట్టికల్లోనే జవాబు కూడా ఉంది: రాశి ఒకటై నక్షత్రాలు వేరైతే, లేదా నక్షత్రం ఒకటై రాశులు వేరైతే ఏకనాడి దోషం లేదంటారు. ఈ మినహాయింపులు చదవకుండా సున్నా వేసేస్తే ఆ కాగితం సగమే చూసినట్టు.

ఇక మూడో అబ్బాయి. అతని టైము లేదు కాబట్టి పేరు మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం చెప్పారు. పేరు 'రా'తో మొదలవుతుంది, అది చిత్త మూడో పాదం. దాన్ని అమ్మాయి చిత్తతో కలిపి చూసి, "ఏకనాడి, వద్దు" అని కొట్టేశారు. ఇక్కడ రెండు తప్పులు జరిగాయి. ఒకటి, ఇందాక చెప్పిన మినహాయింపు: చిత్త మూడో పాదం తులలో ఉంటుంది, అమ్మాయి చిత్త కన్యలో ఉంది, నక్షత్రం ఒకటే అయినా రాశులు వేరు. రెండోది అంతకన్నా పెద్దది. ఒకరికి జన్మనక్షత్రం, ఇంకొకరికి నామనక్షత్రం తీసుకుని కలపకూడదు. చూస్తే ఇద్దరికీ జన్మనక్షత్రమే చూడాలి, లేకపోతే ఇద్దరికీ పేరు మీదే చూడాలి. ఆ అబ్బాయికి వాళ్ల నాయనమ్మ ముద్దుగా వేరే పేరు పెట్టుకుని ఉంటే ఈ దోషమే ఉండేది కాదు. ఒక్క అక్షరం మీద ఒక మనిషిని తీసి పక్కన పెట్టారు. అయితే అతని విషయంలో నేను చెప్పకముందే వాళ్లు వేరే సంబంధం ఖాయం చేసుకున్నారు.

అప్పుడు మా అన్నయ్య, "రోహిణి అబ్బాయికి కుజదోషం ఉందటగా" అన్నాడు. కుజుడు రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు స్థానాల్లో ఉంటే దోషం. దాన్ని లగ్నం నుంచి చూస్తారు, చంద్రుడి నుంచి చూస్తారు, శుక్రుడి నుంచి కూడా చూస్తారు. నేను లెక్కల మాస్టారిని కాబట్టి కాగితం మీద వేసి చూపించాను. పన్నెండు స్థానాల్లో ఐదు దోషమే. ఒక్క లగ్నం నుంచి చూసినా, స్థానాలన్నింటికీ సమాన అవకాశం అనుకుంటే, నూటికి నలభైమందికి పైగా దోషం వస్తుంది. మూడు చోట్ల నుంచీ చూసి ఎక్కడున్నా దోషమే అంటే అది నూటికి 80 మంది దాకా చేరుతుంది. మూడు రకాలుగానూ చూసి ఏదో ఒక దాంట్లో దొరికిందని సంబంధం వదులుకుంటే, ఊళ్లో పెళ్లికొడుకులు మిగలరు. అమ్మాయి జాతకంలోనూ చూడమన్నాను. చంద్రుడి నుంచి చూస్తే ఆమెకూ ఉంది. ఇద్దరికీ ఉంటే సరిపోయిందంటారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

వాళ్లకు నేను సలహాగా చెప్పినవి రెండే. ఒకటి, పంచాంగం ఒకటే పెట్టుకోండి. ఏది పెట్టుకుంటారో మీ ఇష్టం, కానీ అమ్మాయికీ, వచ్చిన ప్రతి అబ్బాయికీ అదే పద్ధతిలో మళ్లీ వేయించండి. అవతలివాళ్లు ఇచ్చిన కాగితాన్ని అలాగే తీసుకోవద్దు, తేదీ, టైము, ఊరు మాత్రం తీసుకోండి. అది కూడా ఏ ఒక్క అబ్బాయి పేరూ ఎత్తకముందే నిర్ణయించుకోవాలి. అబ్బాయి ఎవరో తెలిశాక పంచాంగం ఎంచుకుంటే, మనకు నచ్చినవాడికి మార్కులిచ్చే పంచాంగమే మంచిదనిపిస్తుంది. నా మట్టుకు దృగ్గణితమే సరి అనిపిస్తుంది, ఎందుకంటే ఆ రాత్రి బయటికి వచ్చి చూసి ఉంటే చంద్రుడు అక్కడే కనిపించేవాడు.

రెండోది చెప్పడానికి కొంచెం కష్టపడ్డాను. 18 అనేది గడప లాంటిది. దాటాడా లేదా అని చూడటానికి పెట్టుకున్నది. దాటినవాళ్లలో 26 వచ్చినవాడు 20 వచ్చినవాడికన్నా మంచి మొగుడవుతాడని వరస పెట్టడానికి కాదు. పరీక్షలో పాసు మార్కు ఉంటుంది చూడండి, దాన్ని ర్యాంకుగా మార్చేశాం మనం. ఆ ఆరు గుణాల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడే చూశారు కదా, పిల్ల యాభై నిమిషాలు ముందు పుట్టి ఉంటే అది తలకిందులయ్యేది. అలాంటి తేడా మీద పిల్ల కాపురం ఎవరితోనో తేల్చవద్దని బతిమాలాను. దృగ్గణితంలో ఇద్దరూ గడప దాటారు. పైగా రోహిణి అబ్బాయి పూర్వపద్ధతిలోనూ దాటాడు. జాతకాలు చెప్పగలిగింది అక్కడితో అయిపోయింది, మిగతాది అమ్మాయిని అడగండి అన్నాను.

నిజానికి అప్పటిదాకా ఎవరూ ఆమెను అడగలేదు. సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే వెళ్లి, "నీ మనసులో ఏముందమ్మా?" అన్నాను.

"బాబాయ్, నాకు వాళ్లిద్దరితో ఒక అరగంట మాట్లాడనిస్తే చాలు. నేను అడగవలసింది ఒక్కటే" అంది.

మాట్లాడింది. బ్యాంకు అబ్బాయి చాలా నిజాయితీగా చెప్పాడట. మూడేళ్లకోసారి బదిలీ ఉంటుంది, ఏ ఊరు వేస్తారో తెలియదు, నువ్వు ప్రతిచోటా ఉద్యోగం వెతుక్కోవలసి వస్తుంది అని. హైదరాబాదు అబ్బాయి తల్లితో కూడా మాట్లాడించాడట. కోడలు పాఠాలు చెప్పడానికి వాళ్లకు అభ్యంతరం లేదు. ఇద్దరూ మంచివాళ్లే. కానీ ఈ అమ్మాయికి తరగతి గదిని వదులుకోవడం ఇష్టం లేదు. హైదరాబాదు సంబంధమే చేసుకుంటానంది.

మేనత్త గారికి మొదట కోపం వచ్చింది. "26 వచ్చిందాన్ని కాదని 20కి ఇస్తారా?" అని. మా అన్నయ్య ఆవిడను పక్కకు తీసుకెళ్లి అమ్మాయి చెప్పిన కారణం చెప్పాడు. విశాఖపట్నం వాళ్లకు ఏం కబురు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మనకు ఒక అలవాటుంది, ఏ కారణంతో వద్దన్నా "జాతకాలు కుదరలేదండీ" అంటాం. ఎవరి మనసూ నొప్పించకుండా తప్పుకోవడానికి అది మంచి మాటే, నేనూ చాలాసార్లు అన్నాను. కానీ ఇక్కడ ఆ మాట అనవద్దన్నాను. ఆ అబ్బాయి తన ఇబ్బంది దాచకుండా చెప్పాడు. అతని జాతకంలో ఏదో లోపముందన్న మాట ఊళ్లోకి పోతే, తర్వాత వచ్చే సంబంధాల దగ్గర అది అడ్డుపడుతుంది. మేనత్త గారే ఫోన్ చేసి, పిల్ల ఉద్యోగం ఒక ఊళ్లో స్థిరంగా ఉండాలనుకుంటోందని చెప్పారు. వాళ్లు ఏమీ అనుకోలేదు.

లగ్నపత్రిక రాసే రోజున నేనూ వెళ్లాను. ముహూర్తానికి తారాబలం చూడాలంటే వధువు నక్షత్రం నుంచి లెక్కపెట్టాలి, కాబట్టి మళ్లీ అదే ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. సిద్ధాంతి గారు పసుపు రాసిన కాగితం మోకాలి మీద పెట్టుకుని, వరుడి పేరు, గోత్రం, రోహిణీ నక్షత్రం రాశారు. వధువు పేరు దగ్గరికి వచ్చి కలం ఆపారు. బల్ల మీద అమ్మాయి పాత జన్మపత్రిక ఉంది, దాని మీద హస్త అని ఉంది. ఆయన తలెత్తి, "హస్తా, చిత్తా?" అన్నారు.

మేనమామ గారు చాప మీద కొంచెం ముందుకు జరిగి, "చిత్త ఒకటో పాదం, కన్యా రాశి. అదే రాయండి" అన్నారు.